కేకులో బటరా, నూనా: ఆరేళ్ళు రెండూ వాడాక

ఆరేళ్ళుగా ఇంచుమించు ప్రతి వారం ఒకే వెనిల్లా కేకు చేస్తున్నాను. ఒక వారం బటర్‌తో, ఒక వారం నూనెతో, ఈ మధ్య రెండూ కలిపి. నా మాట ముందే చెప్పేస్తాను: చేసిన రోజే, ఫ్రిజ్‌లో పెట్టకుండా తినేసే కేకయితే బటర్ వేయండి. ఫ్రిజ్‌లోకి వెళ్ళేదయితే, మూడు రోజులు నిలవ ఉండాల్సినదయితే నూనె వేయండి. ఇది చాలామందికి తెలిసిందే, కానీ ఎందుకో తెలియకుండా ఒకదాని బదులు ఇంకొకటి పోసేస్తే ఏమవుతుందో నేను చూశాను.

నా కొలతలు ఇవి. మైదా 200 గ్రాములు, చక్కెర 180, గుడ్లు మూడు, పాలు 100 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, చిటికెడు ఉప్పు, వెనిల్లా, ఉప్పు లేని బటర్ 150 గ్రాములు. మొదటిసారి బటర్ తీసేసి సరిగ్గా 150 గ్రాముల నూనె పోశాను. కేకు పొంగింది, చూడ్డానికి బాగానే ఉంది, కానీ టిన్నులోంచి తీస్తే అడుగు కాగితం అంతా నూనె మరక, ముక్క పట్టుకుంటే వేళ్ళకు జిడ్డు. తప్పు నూనెది కాదు, లెక్కది. బటర్‌లో కొవ్వు సుమారు 80 శాతమే, మిగిలిన దానిలో ఎక్కువ భాగం నీళ్ళు, కొద్దిగా పాల పదార్థాలు. నూనె మొత్తం కొవ్వే. అంటే 150 గ్రాముల బటర్‌కి సరిపోయేది 120 గ్రాముల నూనె, దానితో పాటు పోయిన నీళ్ళకి బదులుగా 25 మిల్లీలీటర్ల పాలు ఎక్కువ. అప్పటి నుంచి ఈ లెక్కే వాడుతున్నాను, మళ్ళీ ఆ జిడ్డు రాలేదు. నూనెని కప్పుతో కాకుండా తూకం వేసి పోయండి, 120 గ్రాములంటే 130 మిల్లీలీటర్ల దాకా వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, మెత్తదనం. పై లెక్క ప్రకారం రెండు కేకుల్లోనూ కొవ్వు ఇంచుమించు అంతే, తడి కూడా అంతే. చేసిన సాయంత్రం రెండూ తింటే బటర్ కేకు పొడిగా ఉందని ఎవరూ అనరు. ఆ రెండింటినీ మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున్నే తీసి తినండి. నూనె కేకు నిన్నటిలాగే మెత్తగా ఉంటుంది. బటర్ కేకు మాత్రం గట్టిపడి, నమిలితే పొడిపొడిగా, గొంతులో అడ్డం పడుతున్నట్టు ఉంటుంది. తడి ఆరిపోయిందనుకుని మొదట్లో నేను మరుసటిసారి పాలు పెంచేదాన్ని, దాంతో మధ్యలో పిండిపిండిగా దిగబడిపోయేది. నిజానికి తడి ఎక్కడికీ పోలేదు. చల్లదనానికి బటర్ గడ్డకట్టింది, అంతే. సన్‌ఫ్లవర్ లాంటి నూనె ఫ్రిజ్‌లో కూడా జారుగానే ఉంటుంది కాబట్టి నోట్లో పెట్టగానే నాలుకకి తడిగా తగులుతుంది. మనం కేకు తేమగా ఉంది అనేదాంట్లో చాలా భాగం నీళ్ళ తేమ కాదు, కరిగి ఉన్న కొవ్వు.

దీన్ని తేల్చుకోవడం సులువు. ఆ గట్టి ముక్కనే గంటన్నర బయట పెట్టి మళ్ళీ తినండి. మెత్తదనం చాలావరకు తిరిగొస్తే కారణం బటరే. రాకపోతే కేకు నిజంగా ఎండింది, అంటే ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంచారు. ఒక సంగతి కూడా ఉంది: ఫ్రిజ్ చలికి మైదాలోని పిండిపదార్థం కూడా బిగుసుకుంటుంది, అది రెండు కేకుల్లోనూ జరుగుతుంది, నూనె దాన్ని కనిపించనివ్వదు అంతే. అందుకే క్రీము రాయని కేకుని నేను ఫ్రిజ్‌లో పెట్టను, గాలి తగలకుండా డబ్బాలో బయటే ఉంచుతాను.

లోపలి గుల్ల దగ్గరికొస్తే కథ వేరు. బటర్‌ని చక్కెరతో గిలకొట్టినప్పుడు చక్కెర పలుకులు ఆ మెత్తటి కొవ్వులో సన్నటి గాలి బుడగలు ఇరికిస్తాయి. బేకింగ్ పౌడర్ కొత్త బుడగలు పుట్టించదు, ఉన్నవాటినే ఉబ్బిస్తుంది. కాబట్టి ఆ గిలకొట్టడం సరిగ్గా జరిగితేనే కోసిన ముక్క సన్నటి, సమానమైన గుల్లతో నిలబడుతుంది. దీనికి బటర్ వేలితో నొక్కితే గుంట పడాలి కానీ నిగనిగలాడకూడదు, 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. బాగా జారిపోయిన బటర్‌తో ఎంతసేపు గిలకొట్టినా రంగు తెల్లబడదు, ఆ కేకు అడుగున ఒత్తుగా దిగిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గుడ్లు వేస్తే మిశ్రమం విరిగినట్టు అవుతుంది, పట్టిన గాలిలో కొంత అక్కడే పోతుంది.

నూనెలో గాలి ఇరకదు. నూనె, చక్కెర కలిపి పది నిమిషాలు బీటర్ తిప్పి చూశాను, ఏమీ జరగలేదు. అందుకే నూనె కేకుకి గుడ్లు, చక్కెర కలిపి బీటర్ ఎత్తితే రిబ్బన్‌లా జారేదాకా కొట్టి, తర్వాత నూనెని సన్నటి ధారగా పోస్తాను. గాలి గుడ్లలో నుంచి వస్తుంది. నూనె పిండికి బాగా పట్టేసి మైదాలో జిగురుని అంతగా సాగనివ్వదు కాబట్టి ముక్క మెత్తగా, కాస్త పెద్ద గుల్లతో ఉంటుంది. అదే దాని బలహీనత కూడా. బరువైన క్రీముతో మూడు అంతస్తులు పేర్చితే నూనె కేకు పక్కకి ఒరుగుతుంది. కోసేటప్పుడు కూడా బటర్ కేకు అంచు శుభ్రంగా వస్తుంది, నూనెది రాలుతుంది.

రుచిలో నాకు ఏ సందేహమూ లేదు. వెనిల్లా ఒక్కటే వేసిన కేకులో బటర్ లేకపోతే లోటు తెలిసిపోతుంది. ఆ కమ్మదనం, పైపొర ఎర్రగా కాలి వచ్చే వాసన, అవి బటర్‌లోని పాల పదార్థాల వల్ల వచ్చేవి, నూనెతో రావు. కోకో, క్యారెట్, బాగా పండిన అరటిపండు, మసాలా దినుసులు వేసే కేకుల్లో మాత్రం నూనే మేలు. రిఫైన్డ్ నూనెకి తన రుచి పెద్దగా ఉండదు కనుక కోకో ముందుకొస్తుంది. కానీ నూనె కొత్తదై ఉండాలి, సీసా మూత తీసి వాసన చూసి మరీ పోయండి, పాతబడిన నూనె వాసన ఏ వెనిల్లాతోనూ పోదు.

ఏడాదిగా నేను ఎక్కువగా చేసేది సగం సగం. 75 గ్రాముల బటర్‌ని మొత్తం చక్కెరతో తెల్లబడేదాకా కొట్టి, 60 గ్రాముల నూనెని కొద్దికొద్దిగా కలిపి, తర్వాత గుడ్లు ఒక్కొక్కటిగా, ఆపైన మైదా, పాలు. పాలు 12 మిల్లీలీటర్లు ఎక్కువ వేస్తే చాలు. నూనె ఒక్కసారిగా పోస్తే కొట్టిన బటర్ జారిపోతుంది, అక్కడ తొందరపడకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన అరగంటకే తినగలిగేలా ఉంటుంది, కమ్మదనం నిలుస్తుంది. బటర్ కేకంత ఎత్తు మాత్రం రాదు, నా టిన్నులో అర అంగుళం తక్కువే. ఆ అర అంగుళం కావాల్సిన రోజున, అంటే వేడి తగ్గగానే అందరం కూర్చుని కోసుకునే రోజున, ఇప్పటికీ మొత్తం బటరే వేస్తాను.