40 రోజుల కొండదారి, రెండు ఫోన్లు, తాళం పడ్డ పాటలు

40 రోజుల కొండదారి ప్రయాణానికి ముందు నేనూ అక్కా మా మ్యూజిక్ ప్లాన్ల సంగతి తేల్చుకున్నాం. దారిలో నెట్ అంతంతమాత్రం, వాడనిదానికి డబ్బెందుకు కట్టాలని. నేను నా ప్లాన్‌ను రెండు నెలలకు పాజ్ చేశాను, అక్క రద్దు చేసేసింది. యాప్‌లు వేరువేరు.

పాజ్ నొక్కింది 4న, బయల్దేరింది 5న, నా బిల్లు తేదీ 12. పాజ్ నొక్కిన రోజు నుంచి కాదు, అప్పటికే కట్టిన గడువు తీరాక మొదలైంది. అందుకే మొదటి వారమంతా బస్సుల్లో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు హాయిగా విన్నాను. పాజ్ కదా, అవెక్కడికీ పోవనుకున్నాను. 13న లోయలోని అతిథిగృహంలో వైఫై తగిలింది. కాసేపటికే పాటల పేర్లన్నీ బూడిదరంగుకి మారాయి. నొక్కితే ఒక్కటీ మోగదు. స్టోరేజీలో చూస్తే మాత్రం యాప్ పట్టిన చోటు తగ్గలేదు. ఫైళ్లు ఫోన్‌లోనే ఉన్నాయి, వాటికి తాళం పడిందంతే. డౌన్‌లోడ్ అన్నది మన సొంత ఫైలు కాదు, ప్లాన్ నడుస్తున్నంతకాలం ఆ యాప్ మాత్రమే తెరవగలిగే కాపీ. ప్లాన్ బతికున్నా సరే, స్పాటిఫైలో 30 రోజులకోసారైనా నెట్‌కి కలవకపోతే డౌన్‌లోడ్లు పోతాయి.

రద్దు చేసిన అక్క పాటలు నాకంటే ఎక్కువ రోజులు మోగాయి! ఆమె గడువు 20 దాకా ఉంది మరి. ఆ తర్వాత ఖాతా ఉచిత స్థాయికి దిగింది. ప్లేలిస్టులు ఒక్కటీ పోలేదు, కానీ వినాలంటే నెట్ కావాలి, మధ్యలో ప్రకటనలు. అన్ని యాప్‌లకూ ఈ వెసులుబాటు లేదు. ఆపిల్ మ్యూజిక్‌కి ఇలాంటి ఉచిత స్థాయి లేదు కాబట్టి, అక్కడ ఆపేముందు ప్లేలిస్టులోని పాటల పేర్లు రాసిపెట్టుకోవాలి.

సిఫార్సుల విషయంలో దెబ్బ తిన్నది అక్కే. ప్లాన్ పోయినా ఖాతా మనం వినేదాన్ని గమనిస్తూనే ఉంటుంది. ఓ బసలో పక్క గది పిల్లల కోసం రెండు సాయంత్రాలు బాలగేయాలు పెట్టింది. ఇంటికొచ్చాక హోమ్ పేజీ నిండా అవే! స్పాటిఫై లాంటి వాటిలో ప్రైవేట్ సెషన్ పెట్టుకుంటే ఆ వినికిడి సిఫార్సుల మీద అంతగా పడదు. నాకు ఆ బెడద లేదు, పాజ్‌లో ఉండగా యాప్ తెరిస్తే కదా.

తిరిగొచ్చి, పాజ్ గడువు తీరకముందే రెజ్యూమ్ నొక్కాను. నిమిషాల్లో పేర్లు మామూలు రంగుకొచ్చాయి, ఏదీ మళ్లీ దించుకోనక్కర్లేకపోయింది. అక్క చోటు కోసం దారిలో యాప్ తీసేసింది, కాబట్టి మళ్లీ చేరాక అన్నీ మొదటి నుంచి దించుకుంది.

తిరిగొచ్చే తేదీ తెలిస్తే నా ఓటు పాజ్‌కే. యూట్యూబ్ మ్యూజిక్‌లో 1 నుంచి 6 నెలల దాకా పెట్టుకోవచ్చు. గడువు తీరగానే డబ్బు దానంతటదే కట్ అవుతుంది, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోవాలి. తేదీ తెలియకపోతే రద్దే నయం. ఈసారి మాత్రం కొనుక్కున్న ఎంపీ3 పాటలు 60 ఫోన్‌లో విడిగా వేసుకుని బయల్దేరుతున్నాను.