కరెంటు బిల్లు ఫొటోలు: క్రాప్ చేసి పంపడం మొదలుపెట్టాక

కూకట్‌పల్లిలో మా ఇంటి పోర్షన్ల కరెంటు బిల్లులన్నీ నెలనెలా ఏఐ చాట్ యాప్‌కి ఫొటోలుగా ఇచ్చి పట్టిక రాయించుకుంటాను. ఏడాదికి పైగా వాడాక నా అభిప్రాయం ఒకటే: ఎలా అడిగామన్నదాని కంటే, ఫొటోలో కావలసిన భాగం మాత్రమే ఉంచామా లేదా అన్నదే జవాబులో ఎక్కువ తేడా తెస్తుంది.

కారణం కొలతల్లో ఉంది. ఫోన్ ఫొటో నిలువు దాదాపు 4000 పిక్సెళ్లు. ఇలాంటి యాప్‌లు చాలావరకు పెద్ద ఫొటోను చదివే ముందే కుదిస్తాయి. ఆ హద్దు యాప్‌ని బట్టి మారుతుంది, 1500 అనుకుందాం. మన బిల్లు పొడవాటి రసీదు కాబట్టి మొత్తం పట్టేలా తీస్తే అంకెలు ముందే చిన్నవవుతాయి. 25 పిక్సెళ్ల ఎత్తున్న అంకె కుదించాక తొమ్మిదికి దిగుతుంది. ఆ సైజులో, అందులోనూ వెలిసిన థర్మల్ కాగితం మీద, 8కీ 3కీ తేడా మిగలదు. అదే రీడింగులున్న మధ్య భాగాన్ని మాత్రం కత్తిరిస్తే 1400 దాటదు, కుదించాల్సిన పని పడదు, అంకె 25 గానే చేరుతుంది.

ఉదాహరణకి, పాత రీడింగు 8386, కొత్తది 8683, యూనిట్లు 297 అని ఉన్న బిల్లు తీసుకోండి. మొత్తం ఫొటో పంపితే పాత రీడింగు 8336 అని రావచ్చు. చూడ్డానికి ఏ అనుమానమూ రాదు. కానీ తీసివేస్తే 347 వస్తుంది, బిల్లు మీదున్న 297తో కలవదు. అందుకే మూడు అంకెలూ రాయమని అడిగి, తీసివేత నేనే చేసుకుంటాను. కలవకపోతే మళ్లీ అడగడం కంటే ఇంకా దగ్గరగా క్రాప్ చేసి పంపడమే నయం.

అలాగని అంకెల చుట్టూ మరీ బిగించి కోయకూడదు. ఎడమవైపున్న పేర్లు పోతే ఏది పాతదో ఏది కొత్తదో యాప్ ఊహించి చెబుతుంది, అదీ గట్టి నమ్మకంతో. పేరు, అంకె ఒకే వరుసలో కనిపించేలా కాస్త ఖాళీ వదలాలి. పక్క పోర్షన్ బిల్లు అంచు మాత్రం ఫ్రేములో ఉండకూడదు, ఆ అంకెలు కూడా జవాబులో కలిసిపోతాయి. పైన ఉండే పేరు, సర్వీస్ నంబర్ కూడా క్రాప్‌తో పోతాయి. అద్దెకున్నవాళ్ల వివరాలు బయటికి వెళ్లకపోవడం నాకు ముఖ్యమే.

క్రాప్ గ్యాలరీలోని ఎడిట్‌లో, అసలు ఫొటో మీదే చేయాలి. జూమ్ చేసి స్క్రీన్‌షాట్ తీస్తే తెర సైజు మేరకే పిక్సెళ్లు వస్తాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చింది అప్పటికే కుదించి ఉంటుంది, దాన్ని కోసినా పోయిన వివరం రాదు. అద్దెకున్నవాళ్లని డాక్యుమెంట్‌గా పంపమంటున్నాను. చేయి కదిలి మసకబారిన ఫొటో అయితే క్రాప్ ఏమీ చేయలేదు, బిల్లుని వెలుతురులో పరిచి ఆ భాగం దగ్గరికి వెళ్లి మళ్లీ తీయాల్సిందే.