ఓవర్‌ఫ్లో పట్టుకోవడం: గుర్తు చూడాలా, క్యారీ చూడాలా?

టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో 4 బిట్లలో −8 నుంచి 7 వరకే పడతాయి, జవాబు ఈ హద్దు దాటితే అది ఓవర్‌ఫ్లో. 5 − (−6) చేద్దాం. −6 అంటే 1010. తీసివేత అంటే గుర్తు మార్చి కూడటమే కాబట్టి, దాని బిట్లు తిప్పి 1 కలిపితే 0110.

```
  0101
+ 0110
------
  1011
```

జవాబు −5 అని వచ్చింది, రావాల్సింది 11.

కాగితం మీదైతే గుర్తులు చూడటమే సుఖం. తీసివేతలో రెండు సంఖ్యల గుర్తులు వేరై, జవాబు గుర్తు మొదటి సంఖ్యతో కలవకపోతే ఓవర్‌ఫ్లో. ఇక్కడ మొదటిది ధనం, జవాబు రుణం. కూడిక నియమాన్ని గుర్తుపెట్టుకుని “గుర్తులు వేరుగా ఉన్నాయి, భయం లేదు” అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

సర్క్యూట్‌లో మాత్రం నా ఓటు క్యారీకే. మన లెక్కలో ఎడమ చివరి బిట్‌లోకి వచ్చిన క్యారీ 1, దాన్నుంచి బయటికి పోయింది 0. రెండూ వేరైతే ఓవర్‌ఫ్లో, దానికి ఒక్క ఎక్సార్ గేటు చాలు. బయటికి పోయే క్యారీని ఒక్కదాన్నే చూస్తే ఏమీ తేలదు. 5 − 3 లో అది 1 వస్తుంది, జవాబు 2 మాత్రం సరైనదే.