డ్యూటీ మార్పు మెసేజ్: ‘పద్మ చేస్తానంది’ అంటే చాలా, లెక్కంతా రాయాలా?

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే మా వార్డు నర్సు పిల్లలు నన్ను ఇదే అడుగుతుంటారు. ‘మేడమ్, శనివారం నైట్ మార్చుకోవాలి. ముందు మీకు చెప్పాలా, మనిషిని చూసుకుని చెప్పాలా? మెసేజ్‌లో ఏం రాయాలి?’ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఇన్‌ఛార్జి సిస్టర్‌ని నేను. రోస్టర్ వేసేది నేనే, మార్పు అడిగితే సరే అనాల్సిందీ నేనే.

మొన్న ఒకే శనివారం నైట్ కోసం ఒకే అమ్మాయి, సునీత నుంచి రెండు మెసేజ్‌లు వచ్చాయి. మొదటిదానికి కుదరదన్నాను, రెండోదానికి రెండు నిమిషాల్లో ఓకే పెట్టాను. ఆ రెండూ పక్కపక్కన పెడితే సగం జవాబు దొరుకుతుంది. పేర్లు మార్చాను.

మొదటిది ఇలా ఉంది:

‘గుడ్ ఈవెనింగ్ మేడమ్. శనివారం సాయంత్రం సూర్యాపేటలో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ ఉంది. మేనమామలు లేరు, అన్నీ నేనే చూసుకోవాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అక్క ఒక్కతే చేసుకోలేదు. ప్లీజ్ మేడమ్, నా నైట్ పద్మ చేస్తానంది.’

ఇందులో అబద్ధం లేదు. పద్మ నిజంగానే చేస్తానంది. కానీ ఆ శనివారం పద్మకి ఈవెనింగ్ ఉంది, అంటే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా. నైట్ ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. రెండూ కలిపితే వరసగా పద్దెనిమిది గంటలు. పైగా ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మళ్లీ ఈవెనింగ్. హ్యాండోవర్ ఇచ్చి, బస్సెక్కి ఇంటికెళ్లి, స్నానం చేసి పడుకుంటే నాలుగు గంటల నిద్ర కూడా ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికి వెంటిలేటర్ పేషెంట్‌కి ఇన్‌ఫ్యూజన్ రేటు మార్చాల్సివస్తే, ఆ చెయ్యి పద్నాలుగు గంటలుగా పనిలో ఉన్న చెయ్యి. పద్మ మంచిపిల్ల, స్నేహితురాలి కోసం ఒప్పుకుంది. నేను ఒప్పుకోలేను.

నా మట్టుకు తేల్చే విషయం ఇదే. కారణం ఎంత పెద్దదన్నది కాదు, కవర్ చేసే మనిషికి ఆ డ్యూటీకి ముందూ వెనకా ఏముందన్నది. ఓణీల ఫంక్షనా, గృహప్రవేశమా, సీమంతమా అని నేను తూకం వేయను. ఒక్క లైను చాలు. నా ముందుండేది రోస్టర్ కాగితం. ఒక గడి మారిస్తే ఇంకెక్కడో ఖాళీ పడుతుంది, అది ఎక్కడో నాకు కనిపించాలి. నైట్ విషయంలో ఇది మరీ ముఖ్యం. మా దగ్గర నైట్లు మూడేసి వరసగా పడతాయి, ఆ తర్వాత నైటాఫ్. కాబట్టి ఒక నైట్ కదిలితే దాని వెనక ఉన్న పగలూ కదులుతుంది. ‘ఫలానా ఆమె చేస్తానంది’ అనే మెసేజ్‌లో ఆ పగలు ఎప్పుడూ కనిపించదు.

సునీతకి ఫోన్ చేసి, ‘పద్మ కాదు, ఆ రోజుకి నైట్లు ముగించుకుంటున్నవాళ్లు ఎవరో చూడు’ అన్నాను. మర్నాడు రెండో మెసేజ్ వచ్చింది:

‘మేడమ్, శనివారం మా అక్క కూతురి ఫంక్షన్. మీరు ఒప్పుకుంటే ఈ మార్పు చేసుకుంటాం.
శనివారం నైట్: నా బదులు లత. తనకి బుధ, గురు, శుక్ర నైట్లు ఉన్నాయి, ఇది నాలుగోది. ఆదివారం తనకి నైటాఫ్.
బుధవారం మార్నింగ్: లత బదులు నేను. ఆ రోజు నా వీక్లీ ఆఫ్ లతకి, ఈ శనివారం తన ఆఫ్ నాకు.
ఆది, సోమ నైట్లు నావి నేనే చేస్తాను. ఆదివారం మధ్యాహ్నానికే హైదరాబాద్ వచ్చేస్తాను. లత కూడా మీకు మెసేజ్ పెడుతుంది.’

కాగితం మీద చూసుకున్నాను. లతకి మామూలుగా అయితే శనివారం నైటాఫ్, ఆదివారం వీక్లీ ఆఫ్, సోమ, మంగళ, బుధ మార్నింగులు. మారిస్తే శనివారం నైట్, ఆదివారం నైటాఫ్, సోమ, మంగళ మార్నింగులు, బుధవారం ఆఫ్. సునీతకి శని, ఆది, సోమ నైట్లు, మంగళవారం నైటాఫ్, బుధవారం ఆఫ్ ఉండేవి. ఇప్పుడు శనివారం ఆఫ్, ఆది, సోమ నైట్లు, మంగళవారం నైటాఫ్, బుధవారం మార్నింగ్. ఇద్దరి డ్యూటీల లెక్కా మారలేదు, ఎక్కడా ఖాళీ పడలేదు. మెసేజ్‌లో ‘శనివారం తన ఆఫ్’ అన్నది నిజానికి నైటాఫ్, అది ఆదివారానికి జరిగింది. ఆ చిన్న తేడా పట్టించుకోలేదు. నాలుగు వరస నైట్లు మా వార్డులో ఆఖరి హద్దు. ఐదోది అయితే ఒప్పుకునేదాన్ని కాదు.

‘లత కూడా మెసేజ్ పెడుతుంది’ అన్న మాట నాకు బాగా నచ్చింది. కవర్ చేసే మనిషి తన నోటితో చెప్పకపోతే మాట మీద మాట వస్తుంది. ఒకసారి ‘నేను అలా అనలేదు మేడమ్, చూస్తానన్నాను’ అని శనివారం రాత్రి ఏడున్నరకి విన్నాను. ఆ రాత్రి నేనే ఉండిపోయాను.

రెండో పద్ధతిలో ఇబ్బంది లేకపోలేదు. టైమ్ పడుతుంది. నలుగురి రోస్టర్ చూడాలి, ఇద్దరిని బతిమాలాలి. కొందరు ఇన్‌ఛార్జిలకి ‘అన్నీ మీరే డిసైడ్ చేసుకుని నాకు చెప్తారా’ అని కోపం కూడా వస్తుంది. అందుకే ‘మీరు ఒప్పుకుంటే’ అన్న ముక్క మొదట్లోనే ఉండాలి, చివర్లో కాదు. ఇంట్లో ఎవరికైనా సీరియస్ అయితే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. ఫోన్ చేసి వెళ్లిపోండి, మనిషిని నేను చూసుకుంటాను.

మూడో దారి ఒకటుంది, ‘ఎవరినైనా సర్దండి మేడమ్’ అని వదిలేయడం. అప్పుడు అది డ్యూటీ మార్పు కాదు, లీవ్. లీవ్‌లాగే అడగండి. వార్డు గ్రూపులో ‘ఎవరైనా చేస్తారా’ అని పెట్టడం మనిషిని వెతకడానికి పనికొస్తుంది, నన్ను అడగడానికి కాదు. వచ్చే వారం రోస్టర్ మా దగ్గర శుక్రవారం బయటికొస్తుంది. అంతకుముందే చెప్తే అసలు మార్పే అక్కర్లేదు, ఆ రోజు ఆఫ్ వేసేస్తాను. ఫంక్షన్ తేదీ నెల ముందే తెలిసి కూడా రోస్టర్ వచ్చాక అడిగేవాళ్లే ఎక్కువ.

ఓకే వచ్చాక ఇంకో పని ఉంది, చాలామంది మర్చిపోతారు. నేను కాగితం మీద మార్చినా అటెండెన్స్ సిస్టమ్‌లో మార్పు ఎక్కాలి. లేకపోతే శనివారం సునీత ఆబ్సెంట్ అని పడుతుంది, నైట్ అలవెన్సు లతకి రాదు. నెలాఖరున జీతం స్లిప్ వచ్చాక ఇద్దరూ నా టేబుల్ దగ్గర నిలబడతారు. అందుకే సునీతకి ఓకేతో పాటు ఇంకో లైను పెట్టాను: ‘సిస్టమ్‌లో మార్పించి స్క్రీన్‌షాట్ నాకూ, లతకీ పంపు. ఆదివారం ఏడున్నరకల్లా వార్డులో ఉండు.’

ఆదివారం ఏడుంపావుకే వచ్చింది, చేతిలో అరిసెల డబ్బాతో. సగం లతకి పక్కన పెట్టమంది.