గ్రూపులో తిరిగే శుభలేఖ: పవర్‌పాయింట్ వీడియో, జిఫ్ ఎక్స్‌పోర్ట్‌లతో మూడేళ్లు

పర్లాకిమిడి బజారులో మాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. ఇదివరకు గృహప్రవేశం కార్డు అంటే రెండొందలు అచ్చు వేయించేవారు. ఇప్పుడు యాభై వేయించి, "గ్రూపులో పెట్టడానికి కదిలేది ఒకటి చేసివ్వు" అంటున్నారు. చుట్టాలు ఇటు పాతపట్నం, టెక్కలిలో, అటు బరంపురంలో, ఇంకొందరు సూరత్‌లో. సగం మంది తెలుగు చదువుతారు, సగం మంది ఒడియా. అందుకే రెండు లిపులూ ఉండాలి. విండోస్‌లో ఉన్న నిర్మల యూఐ ఫాంట్ ఒక్కటే రెండింటినీ చూపిస్తుంది, కాబట్టి పని పవర్‌పాయింట్‌లోనే చేస్తున్నాను.

పీపీటీ ఫైలునే పంపేస్తే పోలేదా అనిపించవచ్చు. మొదట్లో నేనూ అదే చేశాను. నేను వాడిన డీటీపీ ఫాంటు అవతలి ఫోన్‌లో లేక అక్షరాలు పిచ్చి గీతలయ్యాయి. వీడియోగా మారిస్తే అక్షరం బొమ్మయిపోతుంది, ఫాంటుతో పని ఉండదు. ఎక్స్‌పోర్ట్ వల్ల నాకు అన్నిటికంటే పెద్ద లాభం ఇదే.

షాపు పాత కంప్యూటర్‌లో పవర్‌పాయింట్ 2010 ఉండేది. అది వీడియోను WMV గానే ఇస్తుంది, మా దగ్గర చాలా ఫోన్లలో అది తెరుచుకోలేదు. 2013 నుంచి MP4 వస్తోంది. ఇప్పుడు వాడుతున్నది మైక్రోసాఫ్ట్ 365. దారి File > Export > Create a Video. పక్కనే Create an Animated GIF కూడా ఉంటుంది.

కొత్తలో జిఫ్ చూసి సంబరపడ్డాను. దానంతట అదే తిరుగుతూ ఉంటుంది, ఎవరూ ప్లే నొక్కనక్కర్లేదు. తీరా మొదటి ఆర్డరుకే తేలిపోయింది. కొత్త ఇంటి ఫోటో వెనకాల పెట్టి, స్లైడు స్లైడుకీ ఫేడ్ ఇచ్చి, Large సైజులో తీశాను. ఫైలు ఇరవై ఎంబీ దాటింది. ఆకాశం నీలం చారలు చారలుగా విడిపోయింది, బంగారు అంచు బురద రంగుకు తిరిగింది. తప్పు నాదే. జిఫ్ 1980ల నాటి పద్ధతి. ఒక్కో ఫ్రేములో 256 రంగులకు మించి పట్టవు, శబ్దం అసలే ఉండదు. ఫేడ్ జరుగుతున్నంతసేపూ ప్రతి ఫ్రేములో మొత్తం బొమ్మ మారుతుంది కాబట్టి సైజు ఊదిపోతుంది. అదే డెక్‌ను 720p వీడియోగా తీస్తే నాలుగైదు ఎంబీలే. ఫోటో లేకుండా సాదా పసుపు మీద ఎర్ర అక్షరాలు ఉన్న స్లైడ్లకైతే జిఫ్ బాగానే వస్తుంది, చిన్నగానూ ఉంటుంది.

ఇంకో సంగతి తెలిశాక జిఫ్ ఎక్స్‌పోర్ట్ దాదాపు మానేశాను. వాట్సాప్‌లో మనం చూసే జిఫ్ నిజానికి శబ్దం లేని చిన్న MP4. ఆరు సెకన్లలోపు వీడియోను పంపేటప్పుడు ఎడిట్ తెర మీద GIF అనే మీట కనిపిస్తుంది, అది నొక్కితే చాలు. కాబట్టి పవర్‌పాయింట్‌లో వీడియోగానే తీసి, జిఫ్‌గా మార్చే పని అక్కడికి వదిలేస్తాను. రంగులు చెడవు.

ఇక్కడ లెక్క ఒకటి చూసుకోవాలి. మూడు స్లైడ్లు, ఒక్కోటి రెండు సెకన్లు, మొత్తం ఆరు అనుకుని తీశాను. మీట రాలేదు. ఫైలు చూస్తే ఏడు సెకన్ల పైనే ఉంది. Seconds spent on each slide అన్న చోట ఇచ్చే సమయంలో ట్రాన్సిషన్ కలవదు, అది అదనం. ఫేడ్ ఒక్కోటి 0.70 సెకను, రెండు ఫేడ్లకు 1.40. అందుకని ఒక్కో స్లైడుకు 1.50 పెట్టాను: 4.50, దానికి 1.40 కలిపితే 5.90. మీట వచ్చింది. అయితే ఒకటిన్నర సెకనులో మనిషి చదవగలిగింది ఒక్క ముక్కే. పేర్లు ఒక స్లైడు, తేదీ ఒక స్లైడు, ఊరు ఒక స్లైడు. అంతకంటే ఎక్కువ రాస్తే అది అలంకారమే.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది నిలువు స్లైడు. ఫోన్ నిండా రావాలని Design > Slide Size లో వెడల్పు 19.05 సెంటీమీటర్లు, ఎత్తు 33.867 పెట్టుకుంటాను. అంటే 9:16. ఎక్స్‌పోర్ట్‌లో 720p అంటే మనసులో 1280 వెడల్పు తెర మెదులుతుంది కదా. కానీ ఆ 720 ఎత్తుకు చెందిన అంకె. నిలువు స్లైడులో ఎత్తు 720 అయితే వెడల్పు దాదాపు 405 పిక్సెళ్లే వస్తుంది. ఈ స్లైడు ఎత్తు 960 పాయింట్లు, కాబట్టి 24 పాయింట్ల అక్షరానికి దక్కేది 18 పిక్సెళ్లు. ఇంగ్లీషు అక్షరానికి అది సరిపోవచ్చు. తెలుగులో ఆ 18లోనే తలకట్టు, అక్షరం, కింద వత్తు అన్నీ ఇరుక్కోవాలి. పైగా వాట్సాప్ మళ్లీ కుదిస్తుంది. 'క్ష్మి'లో ఏది ఎక్కడుందో తెలియదు. టెక్కలి నుంచి ఒకాయన ఫోన్ చేసి, "బాబూ, దీపం బాగా ఊగుతోంది గానీ ముహూర్తం ఎనిమిదో మూడో తెలియట్లేదు" అన్నారు. అప్పటి నుంచి నిలువు స్లైడంటే Full HD (1080p), అక్షరం 36 పాయింట్లకు తగ్గకూడదు. అప్పుడు అక్షరానికి 40 పిక్సెళ్లు వస్తాయి. పంపేటప్పుడు హెచ్‌డీ మీట కూడా నొక్కమని చెబుతాను. నొక్కనివాళ్లే ఎక్కువ, అందుకే ఆ 36.

ఫైలు షాపు దాటే ముందు నా ఫోన్ నుంచి మా ఆవిడ ఫోన్‌కి పంపించి, అందులో వచ్చింది చూస్తాను. కంప్యూటర్‌లో ఎంత బాగుంటే ఏం లాభం? వాట్సాప్ దాటాక వచ్చిందే అసలు బొమ్మ.

మొదటి స్లైడుకు ఏ ఎఫెక్టూ ఇవ్వను. ఇస్తే మొదటి ఫ్రేము ఖాళీగా ఉంటుంది, గ్రూపులో వీడియో తెల్ల కాగితంలా కనబడుతుంది. మామూలు సెట్టింగుల్లో మొబైల్ డేటా మీద వీడియో దానంతట దిగదు. మోహన, ఆర్.ఉదయగిరి వైపు కొండల్లో సిగ్నల్ అంతంతే. అక్కడివాళ్లు మసక బొమ్మ చూసి దాటేస్తారు. అందుకని తేదీ, సమయం, ఊరు వీడియో కింద మామూలు అక్షరాల్లో టైపు చేసి ఇస్తాను. ఇది చెబితే కస్టమర్లు నవ్వుతారు, అంతా వీడియోలో ఉందిగా అని. ఉంది, తెరిచినవాళ్లకి.

ఎక్స్‌పోర్ట్ జరుగుతున్నంతసేపు కింద పట్టీలో గీత నిండుతూ ఉంటుంది. అది పూర్తికాకముందే ఫోల్డర్‌లో ఫైలు పేరు కనబడుతుంది. తొందరపడి దాన్నే పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి ఒకసారి మాట పడ్డాను. నా పాత కంప్యూటర్ మీద ఐదు స్లైడ్ల డెక్‌కి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కస్టమర్ బల్ల ముందు నిలబడి ఉంటే అదే పెద్ద టెన్షన్.

ఇప్పుడు ఒక్కో ఆర్డరుకు రెండు ఫైళ్లు ఇస్తున్నాను: సన్నాయి వాయిద్యంతో ఇరవై మూడు సెకన్ల వీడియో ఒకటి, 5.90 సెకన్ల మూగది ఇంకొకటి. మొదటిది పది రోజుల ముందు పంపుతారు, రెండోది ముందు రోజు సాయంత్రం గుర్తు చేయడానికి. డబ్బు ఒకదానికే ఇస్తారు, అది వేరే సంగతి.