తెగిపోయిన వీడియో కాల్ రికార్డింగ్‌కి ఫోన్ ఆడియోతో మరమ్మతు: చాలాకాలం వాడాక నా సమీక్ష

మా మేనత్తకి వచ్చిన మంగళహారతులు, పెళ్ళిపాటలు వీడియో కాల్‌లో రికార్డు చేసి దాచుకుంటున్నాను. ఆవిడ ఉండేది నర్సాపురం దగ్గర పల్లెలో, నేను హైదరాబాద్‌లో. నెట్ సరిగ్గా లేనప్పుడు బొమ్మ బిగుసుకుపోతుంది, చరణం మధ్యలో గొంతు మాయమవుతుంది. వాటిని బాగుచేయడానికి ఆవిడ పక్కన ఇంకో ఫోన్లో విడిగా తీసిన ఆడియోని వాడుతున్నాను. ఇన్నాళ్ళ అనుభవంతో చెప్తున్నా: ఈ పద్ధతిలో పాట పూర్తిగా దక్కుతుంది. ఆగిపోయిన బొమ్మ మాత్రం తిరిగి రాదు, దాన్ని ఏదో ఒకదానితో కప్పుకోవాల్సిందే.

ఆడియో ఎక్కడ రికార్డయిందన్నదే ఇందులో అసలు సంగతి. కొన్ని కాల్ యాప్‌లలో ఒక్కొక్కరి గొంతుని ఒక్కో ఫైలుగా దాచే ఆప్షన్ ఉంటుంది. కానీ ఆ ఫైలు మన కంప్యూటర్‌లోనే తయారైతే, దారిలో పోయిన మాట అందులోనూ ఉండదు. మాట్లాడే మనిషి గదిలోనే, నెట్‌తో సంబంధం లేకుండా రికార్డవ్వాలి. అందుకే ప్రతిసారీ బావకి ఫోన్ చేసి, "రెండో ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి అత్తయ్య ముందు ఉంచు బావా, రికార్డర్ నొక్కాక కెమెరాకి కనపడేలా ఒక్కసారి చప్పట్లు కొట్టు" అని చెప్తాను. ఫ్లైట్ మోడ్ ఎందుకంటే, మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. అయిపోయాక ఆ ఫైలుని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమంటాను.

ఇక నా వైపు పని. ముందు కాల్ వీడియోని ffmpeg అనే కమాండ్ టూల్‌తో సెకనుకి సరిగ్గా 25 ఫ్రేములు ఉండేలా మార్చుకుంటాను. కాల్ రికార్డింగుల్లో ఫ్రేముల వేగం నెట్‌ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దాన్ని అలాగే ఎడిటర్‌లో వేస్తే కొన్నిసార్లు బొమ్మా మాటా వాటంతటవే విడిపోతాయి, అప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం.

```
ffmpeg -i call.mp4 -vf fps=25 -af aresample=async=1 -c:v libx264 -crf 18 -c:a pcm_s16le call25.mov
```

ఇందులో `async=1` చేసే మేలు పెద్దది. ఆడియో లేని చోట అంతే నిడివి నిశ్శబ్దాన్ని నింపుతుంది. లేకపోతే ఆ ఖాళీలు మూసుకుపోయి, తర్వాతి పాటంతా ముందుకి జరిగిపోవచ్చు.

తర్వాత బొమ్మ ఎక్కడెక్కడ ఆగిందో వెతకాలి. గంట వీడియోని కళ్ళతో చూసుకుంటూ కూర్చోనక్కర్లేదు, ffmpeg లోని `freezedetect` ఫిల్టర్ చెప్తుంది. అయితే రికార్డింగ్‌లో ఇద్దరం పక్కపక్కన కనిపిస్తుంటే, ఆవిడ బొమ్మ ఆగినా నా తల కదులుతూనే ఉంటుంది కాబట్టి దానికి ఏమీ దొరకదు. అందుకని ఆవిడ ఉన్న ఎడమ సగాన్నే కత్తిరించి చూపిస్తాను.

```
ffmpeg -i call25.mov -vf "crop=iw/2:ih:0:0,freezedetect=n=-60dB:d=1" -an -f null -
```

సెకను పైబడి ఆగిన ప్రతి చోటా `freeze_start`, `freeze_end` అని సమయాలు వస్తాయి. అవి కాగితం మీద రాసిపెట్టుకుంటాను, అతుకులు వేసేటప్పుడు అవే పనికొస్తాయి.

ఫోన్ ఆడియోని వీడియో కింద పెట్టి, చప్పట్ల దగ్గర కలిపితే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కాదు. నేను వాడే Kdenlive అనే వీడియో ఎడిటర్‌లో ఆడియోని ఆధారంగా చేసుకుని రెండు ట్రాకుల్ని తనే కలిపే సదుపాయం ఉంది, చక్కగా పనిచేస్తుంది కూడా. కానీ అది మొత్తం క్లిప్‌ని ఒకే దూరం జరుపుతుంది. మనకొచ్చే తేడాలు రెండు రకాలు, రెండింటికీ మందు వేరు.

మొన్నటి 58 నిమిషాల రికార్డింగే చూడండి. మొదట్లో పెదాలూ పాటా చక్కగా కలిశాయి. 21వ నిమిషం దాటాక వాళ్ళింట్లో వైఫై పోయి, మొబైల్ డేటా మీద కాల్ మళ్ళీ అందుకుంది. అక్కడ ఫోన్ ఆడియో ఉన్నట్టుండి 180 మిల్లీసెకన్లు ముందుకి వచ్చేసింది. అంటే పెదవి కదలకముందే పాట వినిపిస్తోంది. కొత్త దారిలో కాల్ ఆలస్యం పెరిగింది, ఫోన్ రికార్డర్‌కి ఆ సంగతి తెలియదు కదా. ఇది ఒక్కసారిగా వచ్చే తేడా. మాట బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందున్నా మనుషులు గుర్తుపట్టగలరని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ ప్రమాణం చెప్తుంది. వెనకబడితే 125 దాకా తెలియదట. అందుకే అనుమానం ఉన్నప్పుడు నేను పాటని ఒక పిసరు వెనక్కే ఉంచుతాను.

రెండోది నిదానంగా పెరిగే తేడా. ఫోన్ గడియారం, కంప్యూటర్ గడియారం ఒకే వేగంతో నడవవు. తెగడం తర్వాత మిగిలిన 36 నిమిషాలూ కాల్ నిలకడగానే ఉంది. ఆ భాగం మొదట్లో, చివర్లో Audacity లో దగ్గరగా చూసి, ఒకే తాళం దెబ్బ రెండు ట్రాకుల్లో ఎక్కడ పడిందో కొలిస్తే, ఫోన్ ఆడియో 90 మిల్లీసెకన్లు ఎక్కువ సాగింది. లెక్క వేస్తే సెకనుకి 48,000 శాంపిళ్ళలో 2 తేడా. దాన్ని ఇలా సరిచేశాను:

```
ffmpeg -i phone.m4a -af "aresample=48000,asetrate=48002,aresample=48000" phone_fix.wav
```

శ్రుతిలో వచ్చే మార్పు ఏ చెవికీ అందనంత తక్కువ. ఈ పని ముందు చేసుకుని, అప్పుడే 180 సంగతి చూడాలి. లేకపోతే రెండు తేడాలూ కలిసిపోయి ఎక్కడ కొలిచినా ఒక్కో అంకె వస్తుంది.

ఆ 180ని జరిపే చోటు కూడా ముఖ్యమే. బొమ్మ ఆగిపోయి ఉన్న సమయంలోనే, అత్తయ్య ఊపిరి తీసుకునే చోట ఫోన్ ట్రాకుని కోస్తాను. అక్కడ పెదాలు ఎలాగూ కదలవు కాబట్టి అతుకు కనపడదు. కోసిన దగ్గర్నుంచి ఆ తర్వాతదంతా 180 మిల్లీసెకన్లు ఆలస్యంగా జరిపి, మధ్యలో ఏర్పడిన ఖాళీలో అదే ఫోన్ ఫైలు నుంచి ఎవరూ మాట్లాడని ముక్క, ఫ్యాను చప్పుడుతో సహా, పెడతాను. పూర్తి నిశ్శబ్దం పెడితే గది ఒక్క క్షణం మాయమైనట్టు వినిపిస్తుంది. ఎంత జరపాలో కొలిచేది మాత్రం కాల్ తిరిగొచ్చిన వెంటనే కాదు. వెనకబడిన మాటని అందుకోవడానికి యాప్ కాసేపు గొంతుని కొంచెం వేగంగా వినిపిస్తుంది. ఓ పది సెకన్లు ఆగి కొలిస్తే నిలకడైన అంకె దొరుకుతుంది.

తెగిన చోట్ల మాత్రమే ఫోన్ ఆడియో పెట్టి మిగతాది కాల్ ఆడియో ఉంచితే సరిపోదా అని ఒకరిద్దరు అడిగారు. నా మాట వినండి, ఆవిడ గొంతు మొత్తం ఫోన్‌దే పెట్టండి. రెండింటి స్వరూపం వేరు, ప్రతి అతుకు దగ్గరా మనిషి లేచి వేరే గదిలోకి వెళ్ళినట్టుంటుంది. పైగా కాల్ యాప్‌లు చప్పుడు తగ్గించే క్రమంలో సాగదీసిన స్వరాన్ని తినేస్తుంటాయి. హారతి చివర ఆవిడ "జయ మంగళం" అని పట్టి ఉంచే స్వరం నాకు ఫోన్ ట్రాకులోనే నిండుగా వినిపించింది. రెండు ట్రాకులూ ఒకదాని కింద ఒకటి మోగనివ్వడం అన్నిటికన్నా చెడ్డది, గొంతు డొల్ల డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది.

ఆగిన బొమ్మని సెకను లోపైతే అలాగే వదిలేస్తాను. అంతకు మించితే ఆవిడ పాటల నోటుబుక్కు పేజీ ఫోటో వేస్తాను, పాడుతున్న చరణం ఉన్న పేజీయే. మధ్య ఫ్రేముల్ని కల్పించే ఫిల్టర్లు ముఖం మీద వాడకండి. రెండు సెకన్ల ఖాళీలో నోరు కరిగి ఇంకో ఆకారంలోకి మారినట్టు కనిపిస్తుంది.

ఈ పద్ధతి చేతులెత్తేసేది ఒక్క చోట. అత్తయ్య ఇయర్‌ఫోన్లు పెట్టుకోదు కాబట్టి స్పీకర్‌లోంచి వచ్చే నా గొంతు కూడా ఫోన్ రికార్డర్‌లో పడుతుంది. నేను మాట్లాడే చోట్ల ఆ ట్రాకుని మూసేస్తే సరి. ఇద్దరం ఒకేసారి మాట్లాడిన చోట మూయలేం, ఉంచితే నా మాట రెండుసార్లు వినిపిస్తుంది. అక్కడ నా గొంతున్న కాల్ ఆడియోని మూసి, అత్తయ్య గదిలో వినిపించినట్టే నా గొంతుని వదిలేస్తున్నాను. ఇప్పుడైతే ఆవిడ పాట ముగించి కళ్ళు తెరిచేదాకా నేను "ఆహా" అని కూడా అనట్లేదు.