కంపెనీ వాటా 7.5 లక్షలు దాటితే: పన్ను కట్టి వదిలేయడం మేలా, ఎన్‌పీఎస్ తగ్గించుకోవడం మేలా?

ఉద్యోగి పీఎఫ్‌లో, ఎన్‌పీఎస్‌లో, సూపర్‌యాన్యుయేషన్ ఫండ్‌లో కంపెనీ వేసే డబ్బు మూడూ కలిపి ఏడాదికి 7.5 లక్షలు దాటితే, దాటినంత మేరకు అది జీతంలో భాగమైన పెర్క్విజిట్‌గా, అంటే పన్ను పడే అదనపు ప్రయోజనంగా లెక్కకొస్తుంది. 2020-21 నుంచి ఉన్న రూల్ ఇది. గ్రాట్యుటీ ఇందులోకి రాదు. ఉద్యోగి తన జీతం నుంచి పీఎఫ్‌లో వేసుకునే వాటా ఏడాదికి 2.5 లక్షలు దాటితే, దాటిన భాగం మీద వచ్చే వడ్డీకి పన్ను పడుతుందే, ఆ రూల్ వేరు. చాలామంది ఈ రెండు అంకెలనూ కలిపేసి కంగారు పడుతుంటారు. ఇక్కడ మాట్లాడుకునేది కంపెనీ వాటా గురించే.

పీఎఫ్ ఒక్కటే ఉంటే ఈ గీత దాటడం తేలిక కాదు. బేసిక్‌లో 12 శాతం 7.5 లక్షలు కావాలంటే నెల బేసిక్ దాదాపు 5.2 లక్షలు ఉండాలి. కానీ కొత్త పన్ను విధానంలో కంపెనీ ద్వారా వేసే ఎన్‌పీఎస్‌కు బేసిక్‌లో 14 శాతం వరకు మినహాయింపు ఉంది కదా అని దాన్ని కూడా పూర్తిగా పెట్టించుకుంటే, మొత్తం 26 శాతం అవుతుంది. అప్పుడు నెల బేసిక్ 2.4 లక్షలు దాటగానే పరిమితి దాటినట్టే. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో మేనేజర్ స్థాయికి వచ్చినవాళ్లు ఇరుక్కునేది ఎక్కువగా ఇక్కడే.

నెలకు 3 లక్షల బేసిక్ ఉన్న ఒక ఉద్యోగిని తీసుకుందాం. ఏడాదికి 36 లక్షలు. కంపెనీ పీఎఫ్ వాటా 4.32 లక్షలు, ఎన్‌పీఎస్ వాటా 5.04 లక్షలు, మొత్తం 9.36 లక్షలు. అంటే 1.86 లక్షలు ఎక్కువ. ఆదాయం 50 లక్షల లోపే ఉందని, కాబట్టి సర్‌ఛార్జ్ లేదని అనుకుందాం. సెస్‌తో కలిపి 31.2 శాతం లెక్కన ఆ అదనపు మొత్తం మీద పన్ను 58,032 రూపాయలు.

ఇప్పుడు ఆయన ముందు రెండు దారులున్నాయి. మొదటిది, ఎన్‌పీఎస్‌ను 14 శాతంలోనే ఉంచి ఆ పన్ను కట్టడం. రెండోది, ఎన్‌పీఎస్‌ను 3.18 లక్షలకు, అంటే బేసిక్‌లో 8.8 శాతం దగ్గరకు దించి, మిగతా 1.86 లక్షలు స్పెషల్ అలవెన్స్‌గా జీతంలో తీసుకోవడం. ఆ 1.86 లక్షల మీద పన్ను రెండింట్లోనూ ఒకటే, అదే 58,032. కాకపోతే మొదటి దారిలో డబ్బంతా ఖాతాలో లాకైపోతుంది, పన్ను మాత్రం చేతికొచ్చే జీతంలోంచి పోతుంది. రెండో దారిలో పన్ను పోగా 1,27,968 రూపాయలు చేతికొస్తాయి.

ఇంతవరకే చూస్తే పెద్ద తేడా కనబడదు. అసలు తేడా ఆ సొమ్ము మీద వచ్చే రాబడి దగ్గర మొదలవుతుంది. పరిమితి దాటిన సొమ్ము మీద ఏటా వచ్చే రాబడి కూడా పెర్క్విజిట్టే. దాన్ని లెక్కగట్టే సూత్రం రూల్ 3బీలో ఉంది:

TP = (PC/2) × R + (PC1 + TP1) × R

ఇందులో TP ఈ ఏడాది పన్ను పడే రాబడి, PC ఈ ఏడాది ఎక్కువైన మొత్తం, PC1 వెనకటి ఏళ్లలో ఎక్కువైన మొత్తం, TP1 వెనకటి ఏళ్లలో ఇప్పటికే పన్ను పడిన రాబడి. R అంటే ఆ ఏడాది ఖాతాల్లో వచ్చిన రాబడిని సగటు నిల్వతో భాగిస్తే వచ్చే రేటు. ఈ ఏటి సొమ్ము నెలనెలా పడుతుంది కాబట్టి సగమే లెక్కిస్తారు.

రేటు 8 శాతం అనుకుంటే మన ఉద్యోగికి మొదటి ఏడాది 7,440 రూపాయల రాబడి మీద పన్ను పడుతుంది. అలాగే కొనసాగిస్తే రెండో ఏడాది 22,915 మీద, మూడో ఏడాది 39,628 మీద. నాలుగో ఏడాది ఇక చాలనుకుని ఎన్‌పీఎస్ తగ్గించి పరిమితిలోకి వచ్చాడనుకోండి. PC సున్నా అవుతుంది, కానీ PC1, TP1 ఎక్కడికీ పోవు. ఆ ఏడాది కొత్తగా ఒక్క రూపాయి ఎక్కువ కాకపోయినా 50,239 రూపాయలు పన్ను లెక్కలోకి వస్తాయి. అందుకే ‘ఈసారికి కానిద్దాం, తర్వాత చూద్దాం’ అన్న మాట ఇక్కడ చెల్లదు. ఒకసారి ఎక్కువైన సొమ్ము తోకలా ఖాతా వెంట వస్తూనే ఉంటుంది.

ఎన్‌పీఎస్ విషయంలో ఇంకో చిక్కుంది. చట్టం చెప్పేది వడ్డీ, డివిడెండ్, అలాంటి ఇతర మొత్తాల గురించి. ఎన్‌పీఎస్‌లో వడ్డీ జమ కాదు, యూనిట్ విలువ పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ పెరుగుదలలో దేన్ని ఏటి రాబడిగా పట్టాలో చట్టంలో తేటగా లేదు. పైగా రిటైరయ్యాక ఎన్‌పీఎస్‌లో కొంత భాగంతో పెన్షన్ కొనాల్సిందే, ఆ పెన్షన్ మీద మళ్లీ పన్ను. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి పన్ను కట్టిన డబ్బుకు బయటికొచ్చేటప్పుడూ కట్టడం నాకైతే ఏ లెక్కనా గిట్టుబాటుగా కనబడదు. తగ్గించగలిగినవాళ్లు ఎన్‌పీఎస్ తగ్గించుకోవడమే మేలు.

అలాగని పీఎఫ్‌ను నెలకు 1,800కు దించి ఎన్‌పీఎస్‌ను పూర్తిగా ఉంచుకుందామని కొందరంటారు. మన ఉదాహరణలో దానివల్ల 4.1 లక్షలు కొత్తగా పన్ను పడే జీతంలోకి వస్తాయి. 1.86 లక్షల గొడవ కోసం అంత వదులుకోవడం దండగ. అయిదేళ్లు దాటాక తీసుకుంటే పీఎఫ్ పూర్తిగా పన్ను లేకుండా చేతికొస్తుందన్నది కూడా మరవకూడదు.

తగ్గించేటప్పుడు నెల చూసుకోవాలి. మన ఉద్యోగికి నెలకు 78,000 పడుతుంది, డిసెంబర్ జీతానికి మొత్తం 7.02 లక్షలు. ఇంకా 48,000 జాగా ఉంది కదా అని జనవరిలో ఎన్‌పీఎస్ ఆపితే ఆలస్యమైపోయినట్టే. మిగిలిన మూడు నెలల పీఎఫే 1.08 లక్షలు, మొత్తం 8.10 లక్షలకు చేరుతుంది. ఎన్‌పీఎస్ నెలకు 42,000 కాబట్టి అక్టోబర్‌కు 2.94 లక్షలు అవుతాయి. అక్కడే ఆపాలి, లేదా నవంబర్‌లో 24,000 మాత్రం వేయించి ఆపాలి. అన్నిటికన్నా తేలిక, ఏప్రిల్‌లో డిక్లరేషన్ ఇచ్చేటప్పుడే శాతం తగ్గించి పెట్టడం. ఏడాది మధ్యలో మార్చనివ్వని కంపెనీల్లో మిగిలే దారి అదొక్కటే.

పీఎఫ్ ఒక్కదానితోనే గీత దాటే పెద్ద జీతాల వాళ్ల సంగతి వేరు. పూర్తి బేసిక్ మీద కడుతున్న పీఎఫ్‌ను మధ్యలో తగ్గించుకోవడం అంత సులువు కాదు. అలాగని అంత టెన్షన్ కూడా అక్కర్లేదు. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. దాని మీద 31.2 శాతం పన్ను పోయినా చేతికి 5.68 మిగులుతుంది. 7 శాతం ఇచ్చే ఎఫ్‌డీలో అదే పన్ను పోతే మిగిలేది 4.82. సర్‌ఛార్జ్ పడేవాళ్లకు రెండూ కాస్త తగ్గుతాయి గానీ వరస మారదు. ఎలాగూ ఎఫ్‌డీలో పడేసే డబ్బైతే పీఎఫ్‌లోనే ఉండనివ్వొచ్చు.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్లు మాత్రం పేరోల్ మీద భరోసా పెట్టుకోకూడదు. 7.5 లక్షల పరిమితి మనిషికి గానీ కంపెనీకి కాదు. పాత చోట 4.7 లక్షలు, కొత్త చోట 4.6 లక్షలు పడితే, పాత చోట పడిన సంగతి కొత్త కంపెనీకి తెలియనంత వరకు ఇద్దరి ఫారం 12బీఏలోనూ ఈ పెర్క్విజిట్ ఎదుట సున్నాయే ఉంటుంది. దాటిన 1.8 లక్షలనూ, దాని మీద రాబడినీ రిటర్న్‌లో తామే కలుపుకోవాలి. రెండు చోట్ల జీతం స్లిప్పుల్లోని పీఎఫ్, ఎన్‌పీఎస్ అంకెలను మార్చి నెలాఖరు లోపు కూడుకుంటే, మిగిలిన పన్ను ఎంతో ముందే తెలిసి అడ్వాన్స్ టాక్స్‌గా కట్టేయొచ్చు, వడ్డీ భారం చాలావరకు తగ్గుతుంది.